మళ్లీ పని ఇస్తారా అన్న ప్రశ్న

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేసి బతకడం అంటే ఏమిటో మా తల్లాడలో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాదు. "ఇంట్లో కూచుని కంప్యూటర్లో ఏదో కొడుతుంటది" అంటారు మా వీధివాళ్లు. మా తమ్ముడు ఇంకాస్త ముందుకెళ్లి "కళ్లు పాడుచేసుకునే ఉద్యోగం" అంటాడు. వాడికి ఎరువుల కొట్టుంది. గల్లాపెట్టె దగ్గర కూచోవడానికి నమ్మకమైన మనిషి కావాలని ఎప్పట్నుంచో నా వెంటపడుతున్నాడు. నాకు చేతినిండా పని ఉన్నన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను.

తర్వాత పని తగ్గింది. పురుగుమందుల కరపత్రాలు, విత్తనాల సంచుల మీది సూచనలు, బీమా కాగితాలు ఒక్కొక్కటే రావడం మానేశాయి. "మెషీన్లో వేసుకున్నామండీ, మీరు ఒకసారి చూసిపెట్టండి చాలు" అనేవాళ్లు. అలా చూసిపెట్టడం అంటే మొదటినుంచి మళ్లీ రాయడమేనని ఎంత చెప్పినా చెవికెక్కించుకోరు. నాకు కోపం ఎక్కువ. ఇద్దరు ముగ్గురితో గట్టిగా మాట్లాడి, ఆ ఉన్న కాస్త పనినీ పోగొట్టుకున్నాను. ఇక ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన రోజులు వచ్చాయి. పెద్ద చోట పని దొరకాలి, లేకపోతే యూరియా బస్తాల మధ్య కూచోవాలి.

ఆ పెద్ద చోటు, విదేశాల్లో ఉన్న ఒక అనువాదాల ఏజెన్సీ. ప్రపంచంలో ఉన్న భాషలన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి. ఆసుపత్రుల కాగితాలు, రోగులకు ఇచ్చే వివరాలు తెలుగులోకి చేసేవాళ్లు కావాలన్నారు. దరఖాస్తు పెట్టాను, పరీక్ష రాశాను. పరీక్ష బాగుందని, ఇక ఇద్దరు పాత క్లయింట్ల పేర్లు ఇస్తే చాలని మెయిల్ వచ్చింది. ఆ ఇద్దరికీ వాళ్లే నేరుగా ఒక లింకు పంపిస్తారు. అందులో కొన్ని ప్రశ్నలుంటాయి. ఈ మనిషి మీకు ఎన్నాళ్లుగా తెలుసు, ఏం పని చేసింది, నాణ్యత ఎలా ఉంది, చెప్పిన టైముకు ఇచ్చిందా, ఇలాంటివి. జవాబులు వాళ్లే రాయాలి, దరఖాస్తు పెట్టిన మనిషి అందులో చెయ్యి పెట్టకూడదు.

ఒక పేరుకు ఇబ్బంది లేదు. హైదరాబాదులో విత్తనాల కంపెనీ మేనేజరు ఒకాయన, నేను మొహమాటపడుతూ ఫోన్ చేస్తే "దానికేముందమ్మా" అని ఆ రోజే ఒప్పుకున్నాడు. కానీ ఏజెన్సీకి కావాల్సింది ఆరోగ్యం మీద చేసిన పని. అది చెప్పగలిగిన మనిషి నాకు ఒక్కరే ఉన్నారు. భద్రాచలంలో మా మేడమ్.

మేడమ్ ఒక చిన్న ఆరోగ్య సంస్థలో పుస్తకాల విభాగం చూసేవారు. అడవి ఊళ్లలో బాలింతల కోసం, పసిపిల్లల తల్లుల కోసం చిన్న చిన్న పుస్తకాలు వేసేవాళ్లు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేను తెలుగు చేసేదాన్ని. చాలా ఏళ్లు చేశాను. తర్వాత బయటి నుంచి వచ్చే డబ్బు ఆగిపోయి సంస్థ మూతపడింది. మేడమ్ ఇంటికి వెళ్లిపోయారు. మొదట్లో పండగలకు మెసేజులు పెట్టుకున్నాం. తర్వాత అవీ లేవు. గొడవేం లేదు, పని ఆగిపోయాక మాట్లాడుకోవడానికి వంక దొరకలేదు, అంతే.

ఆవిడ నాకు పని నేర్పిన మనిషి. మొదటి పుస్తకంలో నేను 'నిర్జలీకరణం' అని రాశాను. ఫోన్ చేసి, "ఏంది తల్లీ ఇది? విరేచనాలైతున్న పిల్లగాన్ని ఎత్తుకొని కూసున్న తల్లికి చెప్పే మాటేనా ఇది?" అన్నారు. నేను నిఘంటువు చూపించాను. "నిఘంటువు పిల్లల్ని కన్నదా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నా మీద పెత్తనం చేస్తున్నారనుకున్నాను. "నమ్మకుంటే నాతోటి రా" అని నన్ను వెంట తీసుకెళ్లారు.

ఆవిడ పద్ధతి అక్కడ చూశాను. అచ్చుకు పంపే ముందు ప్రతి పుస్తకాన్నీ ఒక ఊళ్లో చదివి వినిపించేవారు. అంగన్వాడీ ముందు చాప పరిచి ఆడవాళ్లను కూచోబెట్టి, ఒక పేజీ చదివి, "ఇప్పుడు నువ్వు చెప్పు, నీకేం తెలిసింది?" అని అడిగేవారు. వాళ్లు తమ మాటల్లో తిరిగి చెప్పేవారు. ఇంట్లో కోయ మాట్లాడే ఒకావిడ కాసేపు ఆలోచించి, "ఒంట్లో నీళ్లు ఎండిపోతయ్, పిల్లగాడు సోలిపోతడు" అని తెలుగులో చెప్పింది. మేడమ్ అది ఉన్నదున్నట్టు రాసుకున్నారు. పక్కనున్న నర్సు "దాన్ని కొంచెం సరిచేద్దాం మేడమ్" అంటే ఒప్పుకోలేదు. "ఆమె ఏమన్నదో అదే రాయాలె. మనకు నచ్చినట్టు రాసుకునేదుంటే ఇంత దూరం వచ్చుడెందుకు?" అన్నారు. అర్థం కాలేదని ఎవరైనా అంటే అర్థం కాలేదనే రాసేవారు. అలా రాసిన పేజీలన్నీ నాకు తిరిగొచ్చేవి. తిట్టుకుంటూ మళ్లీ రాసేదాన్ని. ఇప్పుడు నేను ఏదైనా ఒక వాక్యం సూటిగా రాయగలుగుతున్నానంటే ఆ చాపల మీద కూచున్నందుకే.

కాబట్టి మేడమ్‌కు మెయిల్ రాయాలి. ఎన్నాళ్లో పలకరించకుండా ఇప్పుడు అవసరం పడగానే రాయడం సిగ్గుగా అనిపించింది. ఇలాంటి మెయిల్ ఎలా రాయాలో నెట్‌లో చూసి మొదట ఇంగ్లీషులో రాశాను. మీ అమూల్యమైన సహకారం లాంటి మాటలన్నీ అందులో పడ్డాయి. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఆవిడ చూస్తే ఎర్ర గీతలు పెట్టి తిరిగి పంపిస్తారు. అంతా చెరిపేసి, మేం ఎప్పుడూ రాసుకున్నట్టే తెలుగులో రాశాను.

"మేడమ్ గారూ, బాగున్నారా? నేను గుర్తున్నానా? తల్లుల పుస్తకాలు, రక్తహీనత పోస్టర్లు, మలేరియా పుస్తకం మీకు చేసినదాన్ని. ఇప్పుడొక పెద్ద ఏజెన్సీకి దరఖాస్తు పెట్టుకుంటున్నాను. నా పని గురించి తెలిసిన ఇద్దరి పేర్లు అడుగుతున్నారు. మీ పేరు ఇవ్వొచ్చా? మీరు ఒప్పుకున్నాకే ఇస్తాను. వాళ్లు మీకొక లింకు పంపుతారు. కొద్ది ప్రశ్నలే ఉంటాయి, ఎక్కువ సమయం పట్టదు. నా పని మీకు ఎలా అనిపించిందో అలాగే రాయండి, ఎక్కువ చేసి రాయొద్దు. వీలుకాకపోతే కాదని చెప్పండి, నేనేమీ అనుకోను."

చివరి మాట పచ్చి అబద్ధం. కాదంటే చాలా అనుకునేదాన్ని.

కొన్ని రోజులు జవాబు లేదు. పొద్దున లేవగానే ఫోన్ చూసుకోవడం, మళ్లీ టీ తాగాక చూసుకోవడం. ఒక మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఆత్రంగా తెరిచాను. అందులో ఒకే ఒక్క మాట ఉంది. "సరే."

పైన పేరు లేదు, కింద పేరు లేదు. ఎలా ఉన్నావు తల్లీ అన్న పలకరింపు కూడా లేదు. ఒక్క కామా దగ్గర అరపేజీ రాసే మనిషి! నాకు చివుక్కుమంది. సంస్థ మూతపడ్డాక నాతో ఆవిడకేం పని అనుకున్నాను. నన్నొక అడుక్కునే మనిషిలా చూశారనుకున్నాను. అన్నం కూడా సరిగా తినలేదు ఆ పూట. అయినా అవసరం నాది కదా, ఆవిడ పేరూ మెయిలూ ఏజెన్సీ వెబ్‌సైటులో నింపాను. సంస్థ మెయిల్ అయితేనే మంచిదని ఒక నిబంధన ఉంది. సంస్థే లేదు గనక, సొంత మెయిల్ ఎందుకిస్తున్నానో రాసి, పాత వర్క్ ఆర్డర్ ఒకటి జతచేశాను. అందుకు ఒప్పుకుని ఆవిడకు లింకు పంపినట్టు నాకు తెలియజేశారు.

విత్తనాల మేనేజరు వెంటనే నింపేశాడు. ఆయన పేరు పక్కన 'పూర్తయింది' అని పడింది. మేడమ్ పేరు పక్కన 'పెండింగ్' అనే ఉంది. ఏజెన్సీ వాళ్లు ఆవిడకు మరోసారి గుర్తుచేశారు. నేనూ ఒక మెయిల్ పెట్టాను, కాస్త ముక్తసరిగానే. మళ్లీ ఏమీ లేదు. గడువు దగ్గరికొచ్చాక ఇక ఆగలేక ఫోన్ చేశాను. సరే అని మళ్లీ నింపకపోవడం ఏమిటని అడుగుదామనే చేశాను.

ఎత్తింది ఆవిడ భర్త. మణుగూరు బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను పేరు చెప్పగానే, "ఆఁ, తల్లాడ చెల్లె గదా! నీ మెయిల్ చూసిన. ఆమెకు పచ్చవాతం వచ్చింది చెల్లె. నీకు తెల్వదా?" అన్నాడు.

నాకు తెలియదు.

"కుడిచెయ్యి, కుడికాలు పోయినయ్. కాలు కొంచెం నయం. మాటనే పోయింది. మనం చెప్పేదంత తెలుస్తది. ఆమెకే మాట దొరకదు. నీ మెయిల్ చదివి వినిపించిన, చానా సంబురపడ్డది. నేను రాస్త అంటె ఫోను ఇయ్యలే. ఎడమచేత్తోటి ఆమెనే కొట్టింది సరే అని. కొట్టుడు, తుడుసుడు, కొట్టుడు, తుడుసుడు. పొద్దంతా గదే పని."

ఆ ఒక్క మాటకు నేను అన్నం మానేసి అలిగాను.

"మేడమ్ పేరు తీసేసి వేరేవాళ్ల పేరు ఇస్తానండీ, మీరేం ఇబ్బంది పడొద్దు" అన్నాను. ఆయన అటు తిరిగి ఆవిడకు చెప్పాడు. లోపలి నుంచి ఒక గొంతు గట్టిగా, కోపంగా "లేదు, లేదు, లేదు" అంది. ఆ కోపం నాకు బాగా తెలిసినదే.

"ఒద్దంటాంది. తనే చేస్తదంట. ఆ లింకు నాకు సమజైత లేదు చెల్లె, నువ్వు రారాదూ ఒకపాలి" అన్నాడు.

వెళ్లాను. కొత్తగూడెం దాకా ఒక బస్సు, అక్కణ్నుంచి పాల్వంచ మీదుగా ఇంకో బస్సు. ఏం తీసుకెళ్లాలో తెలియక బత్తాయిలు కొన్నాను. గోదావరి వంతెన దాటి బస్సు దిగేదాకా, ఆవిణ్ని చూసి ఏడవకూడదని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

ఆవిడ కుర్చీలో కూచుని ఉన్నారు. జుట్టు కత్తిరించారు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టి ఉంది. నన్ను చూడగానే ముఖం అంతా నవ్వయింది. నోరు తెరిచారు. ఏదో పెద్ద మాటే అనబోయారు, పెదాలు కదిలాయి. రాలేదు. కళ్లు మూసుకుని మళ్లీ ప్రయత్నించారు. "తల్లీ" అన్నారు. అంతే, నేను చెప్పుకున్నదంతా గాలికి పోయింది. ఆవిడ మోకాళ్ల దగ్గర కూచుని ఏడ్చాను. ఆవిడ ఎడమచేత్తో నా నెత్తిమీద రెండు తట్టి, ఇక చాలన్నట్టు చెవి మెలిపెట్టారు.

"మాటలు ఏమేం మిగిలినయంటే, సరే, లేదు, తల్లీ, ఇంగ కొన్ని" అన్నాడు ఆయన టీ తెస్తూ. "ఒక్కొక్కపాలి అవ్ అనబోయి లేదంటది. అందుకే గీ కాయితం చేసిన." ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో ఒకవైపు 'అవ్', ఇంకోవైపు 'లేదు' అని రాసి ఉంది. ఏదైనా అడిగితే ఆవిడ దానిమీద వేలు పెట్టి చూపిస్తారు. ఖమ్మంలో డాక్టరు చెప్పారట, రోజూ మాటలు నేర్పిస్తే కొన్నైనా తిరిగి రావచ్చని. ఆయన పిల్లల బొమ్మల పుస్తకం కొనుక్కొచ్చి ఆవు, చెట్టు, గిన్నె చూపిస్తున్నాడు. మేడమ్ ఆ పుస్తకం వైపు చూసి మూతి విరిచారు. బొమ్మలు బాగాలేవనో, అచ్చు బాగాలేదనో. నవ్వొచ్చింది నాకు.

మాట పోయిన మనిషిని నా మాటలకు సాక్ష్యం అడుగుతున్నానని అప్పుడు తెలిసొచ్చింది. ఇంకోసారి చెప్పి చూశాను. "మేడమ్, నిజంగా వద్దు. నాకింకో దారి ఉంది." ఆవిడ అట్ట తీసుకుని 'లేదు' మీద వేలితో కొట్టారు. తర్వాత లోపలికి చెయ్యి చూపించారు. ఆయన వెళ్లి బీరువాలోంచి మా పాత పుస్తకాలు తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. పైన ఉన్నది తల్లుల పుస్తకం. ఆవిడ దానిమీద చెయ్యి వేసి నన్ను చూపించారు, నువ్వు చేసిందే కదా అన్నట్టు.

ఫారం నింపేటప్పుడు నేను అక్కడ ఉండకూడదు. ఆ సంగతి చెబితే ఆయన "ఎవరు జూస్తరు చెల్లె?" అన్నాడు. మేడమ్ మాత్రం వెంటనే తలాడించి, వరండా వైపు వేలు చూపించారు. నన్ను బయటికి పంపడంలో ఆవిడకు ఒక ఉత్సాహం కూడా కనిపించింది. వరండాలో మోడా మీద కూచున్నాను. తలుపు తీసే ఉంది. వినకూడదనుకున్నా వినిపించేంత దగ్గర.

ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ప్రశ్నను ఫోన్లో పెట్టి తెలుగులోకి మార్చి చదువుతున్నాడు. ఎన్నాళ్ల పరిచయమన్నదానికి ఆవిడ వేళ్లు చూపించినట్టున్నారు, "గన్నేండ్లా!" అన్నాడు. నాణ్యతకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయాలి. "ఐదేనా?" అన్నాడు. ఏమీ వినపడలేదు. "ఓ, నాలుగా! పాపం, ఐదు వెయ్యరాదూ" అన్నాడు. నేను వరండాలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ ఎవరికీ ఐదు వేయరు. నాలుగంటే ఆవిడ లెక్కలో చాలా గొప్ప.

పనిని ఎంత సమయంలో తిరిగి ఇచ్చేదని అడిగే 'టర్న్‌అరౌండ్ టైమ్' ప్రశ్నను ఫోను ఏం చేసిందో గాని, "ఆమె చుట్టూ తిరిగే సమయం ఎలా ఉంది, అంటాంది. ఏందిది?" అన్నాడు. లోపల మేడమ్ పగలబడి నవ్వారు. చాలాసేపు నవ్వారు. మాట దొరకకపోయినా తప్పు మాట వినపడితే ఆవిడకు ఇంకా తెలిసిపోతోంది. లేచి వెళ్లి అర్థం చెప్పాలని నాకు కాళ్లు లాగాయి. కూచున్నాను. కాసేపటికి ఆయనే, "టైముకు ఇచ్చేదా అనా? గట్ల అడగాలె గదా" అని, మార్కు వేశాడు.

తర్వాత ఆఖరి ప్రశ్న వచ్చింది. అది ఆయన తన మాటల్లోనే అడిగాడు.

"ఈమెకు మళ్లీ పని ఇస్తవా?"

"లేదు" అన్నారు మేడమ్.

"లేదా? అవ్ అను. మళ్లీ పని ఇస్తవా అని అడుగుతాండ్రు, తల్లాడ చెల్లెకు."

"లేదు."

"గిదిగో, కాయితం మీద చూపియ్యి." ఆగాడు. "అరె, లేదు మీద పెడ్తవేందే? గా పిల్ల బయట కూసున్నది. నువ్వు అవ్ అనబోయి లేదంటానవ్."

"లేదు." ఈసారి చిన్నగా. ఊపిరి గట్టిగా తీసుకోవడం వినిపించింది. ఆవిడ ఒక మాట వెతుక్కుంటున్నారు. "నేను" అన్నారు. మళ్లీ వెతుక్కున్నారు. "నేను... పని... లేదు."

నాకు అర్థమైంది, ఆయనకూ అర్థమైంది. మళ్లీ పని ఇస్తావా అని అడిగారు, ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పారు. ఇంకెప్పుడూ ఆవిడ ఎవరికీ పని ఇవ్వరు. చాప పరిచి ఎవరికీ చదివి వినిపించరు. నా మెయిల్ రాకపోతే ఆ ప్రశ్న ఆవిణ్ని అలా సూటిగా ఎవరూ అడిగి ఉండేవారు కాదు. ఇంట్లో అందరూ రేపో మాపో నయమవుతుందనే చెబుతున్నారు. ఆ మాట ఆవిడ చేత పైకి అనిపించింది నేను.

ఆయన కళ్లు తుడుచుకుంటూ తలుపు దగ్గరికి వచ్చాడు. "ఏం జెయ్యమంటవ్ చెల్లె? అవ్, లేదు, రెండే ఉన్నయి ఇండ్ల. ఆమె చూడకుంట అవ్ అని కొట్టాల్నా? నీ పని చెడిపోతది గదా" అన్నాడు నెమ్మదిగా.

గడప మీదుగా లోపలికి చూశాను. మేడమ్ నన్నే చూస్తున్నారు. ఎరువుల కొట్టు గుర్తుకు రాలేదని చెప్పను, గుర్తొచ్చింది. అవునని నొక్కేస్తే ఎవరికీ నష్టం లేదని కూడా తోచింది. కానీ ఆవిడ ఎంతో కష్టపడి చెప్పిన మాట అది. అడవి ఊళ్లలో ఎవరు ఏమన్నా అదే రాసిన మనిషి.

"ఆవిడ ఏమన్నారో అదే నొక్కండి" అన్నాను.

కింద ఏదైనా రాయడానికి ఒక ఖాళీ గడి ఉందట. ఆయన అడిగితే మేడమ్ కళ్లు మూసుకున్నారు. బాగా అలిసిపోయారు. ఖాళీగానే పంపేశాడు. వచ్చేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మళ్లీ వస్తానని చెప్పాను. ఆవిడ 'సరే' అన్నారు.

తర్వాతి వారం ఏజెన్సీ నుంచి మెయిల్ వచ్చింది. ఒక రిఫరెన్స్ మళ్లీ పని ఇవ్వనని చెప్పినందువల్ల దరఖాస్తును ముందుకు తీసుకెళ్లలేకపోతున్నామని మర్యాదగా రాశారు. నేను ఉన్న సంగతి వివరంగా రాశాను. ఆవిడ ఆరోగ్యం గురించి, ఆ జవాబుకు అర్థం ఏమిటో. వాళ్లది కూడా తప్పనలేను. రిఫరెన్స్ ఇచ్చిన మాటకు దరఖాస్తుదారు చెప్పే వివరణను లెక్కలోకి తీసుకోలేమని, కావాలంటే ఆ పేరు తీసేసి ఇంకొకరి పేరు ఇవ్వొచ్చని జవాబిచ్చారు.

ఇంకొకరు ఉన్నారు. ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో డాక్టరుగారికి ఆపరేషన్ ముందు సంతకం పెట్టే కాగితాలు తెలుగు చేశాను. అడిగితే ఒప్పుకున్నారు. వెబ్‌సైటు తెరిచాను. కొత్త పేరు పెట్టాలంటే ముందు పాత పేరు తీయాలి. మేడమ్ పేరు పక్కన చిన్న బొమ్మ ఉంది, దాన్ని నొక్కితే "ఈ వ్యక్తిని తొలగించాలని నిజంగా అనుకుంటున్నారా?" అని అడిగింది. చాలాసేపు ఆ ప్రశ్న ముందే కూచున్నాను. మా తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏమైందక్కా, ఎందుకేడుస్తున్నావు?" అన్నాడు. అవునని నొక్కాను. ఆవిడ పేరూ, ఆవిడ వేసిన నాలుగు మార్కులూ ఆ పేజీలోంచి పోయాయి.

డాక్టరుగారు అన్నిటికీ ఐదు వేసినట్టున్నారు. ఏజెన్సీ నన్ను తీసుకుంది.

ఆ కబురు వచ్చిన కొద్ది రోజులకు భద్రాచలం నుంచి ఫోన్. "చెల్లె, పని వచ్చిందా? ఈమె రోజూ అడుగుతాంది. అడుగుడంటే, ఫోన్ దిక్కు చూపిస్తది" అన్నాడు ఆయన. ఏం చెప్పాలో ముందే అనుకుని పెట్టుకున్నాను.

"వచ్చిందండీ. మేడమ్ రాసింది చూసే ఇచ్చారు."

ఆయన సంబరపడిపోయాడు. ఫోను స్పీకరులో పెట్టి గట్టిగా చెప్పాడు. "ఇన్నవా? పని వచ్చిందంట. నువ్వు రాసింది చూసే ఇచ్చిండ్రంట!"

తర్వాత మేడమ్ గొంతు.

"లేదు."

"చూసినవా చెల్లె, గిట్లనే. అవ్ అనబోయి లేదంటది" అని ఆయన నవ్వాడు.

నేనూ నవ్వినట్టు చేశాను. ఆవిడ ఈసారి అవ్‌కు బదులు లేదనలేదు. నా వాక్యం తప్పని చెప్పారు. నేను దాన్ని సరిదిద్దలేదు. ఫోన్ పెట్టేసి, గుండె పగిలేలా ఏడ్చాను.